తెరమీద తెరిచి ఉన్న క్లెయిమ్ ఎవరు చూస్తారు?

(హైదరాబాద్‌లో టీమ్ లీడర్ల కోసం ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి ఇది రాతరూపం. ఇందులో వచ్చే ఉద్యోగుల పేర్లు మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమేమో, అడగను. (నవ్వులు)

నేను ఆరోగ్య బీమా క్లెయిముల పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. డేటా ఎంట్రీతో మొదలుపెట్టి, ప్రాసెసర్‌గా చేసి, తర్వాత టీమ్ లీడర్‌నయ్యాను. ఇప్పుడు కొత్త లీడర్లకు శిక్షణ ఇస్తున్నాను. సైకాలజీ చదువుకున్న మనిషిని కాను. ఆఫీసులో ఎవరైనా ఏడ్చినప్పుడు మనమేం చేయాలో నాకు తెలిసింది చెప్పమన్నారు. నాకు తెలిసిందంతా ఒకసారి బాగా పాడుచేసి, చాలా ఏళ్ళకు ఇంకోసారి కాస్త సరిగ్గా చేసి నేర్చుకున్నది. ఆ రెండు సంగతులే చెప్తాను.

ముందు పాడుచేసినది. 2011. అప్పుడు నా టీములో పద్నాలుగు మంది. రోజూ సాయంత్రం నాలుగింటికి వైట్‌బోర్డు దగ్గర అందరం నిలబడి హడిల్ పెట్టుకునేవాళ్ళం. నిన్నటి తప్పులు ఎవరివి, ఎన్ని అని పేర్లతో సహా చదివేదాన్ని. ఆ రోజుల్లో అదే గొప్ప పద్ధతి అనుకునేవాళ్ళం. లత అనే అమ్మాయి ఒక పెద్దాయన క్లెయిములో కో-పే, అంటే బిల్లులో పేషెంటే కట్టుకోవాల్సిన వాటా, కొయ్యకుండా అప్రూవ్ చేసింది. బిల్లు లక్షా నలభై వేలు, కో-పే ఇరవై శాతం, అంటే ఇరవై ఎనిమిది వేలు ఎక్కువ వెళ్ళిపోయింది. నేను ఆ అంకె చదివాను. లత "మేడమ్, అది..." అని మొదలుపెట్టింది. గొంతు పెగల్లేదు. అక్కడే నిలబడి ఏడ్చేసింది.

నేనేం చేశానో వరసగా చెప్తాను, వినండి. "ఊరుకో అమ్మా, ఇంత చిన్నదానికి ఏడుస్తారా" అన్నాను. అందరూ చూస్తుండగా టిష్యూ ఇచ్చాను. మిగతావాళ్ళతో "మీరు వెళ్ళండి, వెళ్ళండి" అని గట్టిగా అన్నాను. దాంతో పక్క టీమువాళ్ళు కూడా ఇటు తిరిగారు. లతను ఫ్లోర్ మధ్యలో ఉన్న అద్దాల గదిలోకి తీసుకెళ్ళాను. నాలుగు వైపులా గాజే, చేపల తొట్టిలో కూర్చోబెట్టినట్టు. కూర్చున్న మరుక్షణం "ఏమైంది? ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా?" అని అడిగాను. ఏమీ లేదంటే నమ్మలేదు, మళ్ళీ అడిగాను. క్యాబ్ బుక్ చేసి ఇంటికి పంపించేశాను. మా మేనేజర్ అడిగితే "లత కొంచెం ఎమోషనల్ సార్" అన్నాను. మర్నాడు తను వచ్చేసరికి పెద్ద క్లెయిముల క్యూ తీసేసి చిన్న ఓపీ బిల్లులు ఇచ్చాను. "కొన్నాళ్ళు రిలాక్స్‌గా చెయ్యి" అన్నాను. నిజం చెప్తున్నా, ఆ రాత్రి ఎంతో మంచిపని చేశాననుకుని హాయిగా నిద్రపోయాను.

రెండు నెలల తర్వాత లత రాజీనామా ఇచ్చింది. ఆఖరి రోజు లిఫ్ట్ దగ్గర నేనే అడిగాను, ఆ రోజు బాధపెట్టానా అని. "ఆ రోజు పర్లేదు మేడమ్. మర్నాడు నా క్యూ తీసేశారు చూడండి, అప్పుడు అర్థమైంది, ఇక్కడ నా పని అయిపోయిందని" అంది. ఇంట్లో ఏ సమస్యా లేదట. ఆ తప్పు ఎలా జరిగిందో రెండు రోజులుగా తనే తవ్వుకుంటోంది. పాలసీ మధ్యలో రెన్యూ అయింది, కో-పే షరతు కొత్త షెడ్యూలులో ఉంది, తన తెరమీద మాత్రం పాతది వస్తోంది. అది చెప్పబోయి గొంతు పూడుకుపోయింది. నేను దాన్ని ఇంటి సమస్య చేశాను. సిస్టమ్‌లో తప్పు ఇంకో మూడు నెలలు అలాగే ఉండిపోయింది.

"ఎమోషనల్" అనే మాట గురించి ఒక ముక్క. 2016లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక పని చేశారు. ఆఫీసులో ఒక మనిషి బాధ పడినప్పుడు, ఆ బాధకు కారణం 'ఎమోషనల్ అయ్యాను' అని చెప్తే చూసేవాళ్ళు ఆ మనిషి సామర్థ్యాన్ని తక్కువ అంచనా వేశారు. అదే బాధను 'ఈ పని మీద నాకున్న పట్టుదల' అని చెప్తే ఎక్కువ అంచనా వేశారు. కన్నీళ్ళు అవే, పక్కన పెట్టిన మాట వేరు. లత పక్కన ఆ మాట పెట్టింది నేను. మా మేనేజర్ ఆ ఏడాది అప్రైజల్ దాకా దాన్ని గుర్తుపెట్టుకున్నాడు.

ఇప్పుడు ఏడుపు గురించి కొంచెం శరీరం వైపు నుంచి చూద్దాం, ఎక్కువ వద్దు. గొంతులో ఉండ అడ్డం పడ్డట్టుంటుంది కదా. బాధ వచ్చినప్పుడు శరీరం ఎక్కువ గాలి కోసం గొంతు లోపలి ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. మనం గుటక వేసినప్పుడు ఆ ద్వారం మూసుకోవాలి. ఒకటి తెరవమంటుంది, ఒకటి మూయమంటుంది, ఆ గుంజాటే ఉండలా తెలుస్తుంది. మాట్లాడాలంటే ఊపిరి అదుపులో ఉండాలి. వెక్కుతున్నప్పుడు అది ఉండదు. కాబట్టి ఆ నిమిషాల్లో "ఏమైంది" అని అడగడమంటే, శరీరం చేయలేని పని చేయమనడం. జవాబు చెప్పబోతే గొంతు జీరబోతుంది, దానికి సిగ్గు, సిగ్గుకి ఇంకాస్త ఏడుపు. ప్రశ్నలు ఆపితే, చాలామందిలో, కొన్ని నిమిషాల్లో ఊపిరి తనంతట తనే కుదురుకుంటుంది. ఒక గ్లాసు నీళ్ళు ఇవ్వమనేది ఊరికే అనరు. గుటక వేయడం మొదలైతే గొంతు సర్దుకుంటుంది.

మన భాషలో ఓదార్చే మాట చూడండి. "ఊరుకో." అందులో ఓదార్పూ ఉంది, నోరుమూసుకో అనడమూ ఉంది. అమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అంటే ఓదార్పు. అప్రైజల్ రాసే మనిషి ఎదురుగా నిలబడి అంటే రెండోదే వినబడుతుంది. మనకు తెలియని విద్య ఏమీ కాదిది. ఊళ్ళో చావింటికి పరామర్శకి వెళ్ళినప్పుడు మన పెద్దవాళ్ళు ఏం చేస్తారు? గుమ్మంలో చెప్పులు విడుస్తారు, వచ్చి పక్కన కూర్చుంటారు. పావుగంట ఒక్క మాట ఉండదు. ఆ మనిషే ఎప్పుడో "రాత్రి రెండింటి దాకా బాగానే ఉన్నాడు" అని మొదలుపెడతాడు. అది తెలిసినవాళ్ళమే, ఐడీ కార్డు మెళ్ళో పడేసరికి మరిచిపోతాం.

సరే, రెండో సంగతి. దీనికి ముందు అది జరిగిన డెస్క్ ఎలాంటిదో తెలియాలి. 2024లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ, మన నానక్‌రామ్‌గూడలో ఉన్న ఆఫీసే, ఒక నిబంధన తెచ్చింది. క్యాష్‌లెస్ అభ్యర్థన, అంటే బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టమని అడగడం, వస్తే గంటలోపు నిర్ణయం చెప్పాలి. పేషెంట్ డిశ్చార్జ్ అవుతున్నప్పుడు ఆసుపత్రి ఆఖరి బిల్లు పంపితే మూడు గంటల్లోపు తేల్చాలి. మూడు గంటలు దాటి ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది బీమా కంపెనీయే భరించాలి. పేషెంట్ల వైపు నుంచి చూస్తే మంచి నిబంధన. మా డెస్క్ వైపు నుంచి చూస్తే, ప్రతి క్లెయిము పక్కనా ఒక గడియారం వెనక్కి నడుస్తుంటుంది. ముప్పావు గంట మిగిలితే అది ఎర్రగా మారుతుంది.

శ్రీను ఆ డిశ్చార్జ్ డెస్క్‌లో ఉండేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, ఉప్పల్ నుంచి వస్తాడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. అప్పటికి ఐదు వారాల కిందట వాళ్ళమ్మ ఐసీయూలో చనిపోయారు. దినాలు చేసుకుని, పదమూడో రోజుకే పనిలోకొచ్చాడు. అందరం ఒకసారి పలకరించాం, అయిపోయింది. ఒక మధ్యాహ్నం, వాన పడుతోంది, ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి ఫోన్. అవతల పేషెంట్ కొడుకు ఫోన్ లాక్కున్నట్టున్నాడు. "మా అమ్మను పొద్దుట్నించి కుర్చీలో కూర్చోబెట్టారు, మీకు అమ్మలు లేరా?" అన్నాడు. తర్వాత రికార్డింగ్‌లో విన్నాను. శ్రీను "సార్, ఒక్క నిమిషం" అన్నాడు. మ్యూట్ నొక్కాడు. హెడ్‌సెట్ తీసి, వైరు చుట్టి, కీబోర్డు పక్కన నెమ్మదిగా పెట్టాడు. తర్వాత తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

అందరికంటే ముందు కదిలింది నేను కాదు, పక్క సీటు ఫర్హానా. ఏమీ అనలేదు. తన కుర్చీని వెనక్కి జరిపి, శ్రీనుకీ నడవాకీ మధ్యలో పెట్టుకుని కూర్చుంది. నడిచేవాళ్ళకి ఫర్హానా వీపు కనబడుతుంది, శ్రీను కనబడడు. కూర్చుని అతని తెర చూసి క్లెయిము నంబరు తన కాగితం మీద రాసుకుంది. నేను వెళ్ళేసరికి వేలితో గడియారం చూపించింది. నలభై నిమిషాలు ఉంది.

నేను వంగి, మెల్లగా, "శ్రీనూ, ఈ క్లెయిము ఫర్హానా చూస్తుంది, ఆసుపత్రికి కూడా తనే మాట్లాడుతుంది. నాతో రా" అన్నాను. ఓదార్పు మాట ఒక్కటీ లేదు కదా అందులో? కావాలనే. పనిలో ఏడ్చే మనిషికి సగం భయం తెరమీద తెరిచి ఉన్న పని గురించి. లైను మీద ఒక మనిషి ఉన్నాడు, గడియారం నడుస్తోంది, నేనిలా ఉన్నాను. ఆ పని ఎవరి చేతికి వెళ్ళిందో తెలిసేదాకా ఆ మనిషి లేవలేడు. మీరు బ్యాంకులో ఉన్నా, కోడ్ రిలీజులో ఉన్నా, ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉన్నా ఇది ఉంటుంది. ముందు దాన్ని తీసుకోండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలి అనేది చాలామంది ఆలోచించరు. హెచ్‌ఆర్ గదికి వెళ్ళకండి, అందులోకి ఎవరు వెళ్ళారన్నది అయిదు నిమిషాల్లో ఫ్లోరంతా తెలుస్తుంది. కెఫెటీరియా వద్దు. చాయ్ తాగుదాం పద అని గేటు బయట బండి దగ్గరికి తీసుకెళ్ళడం మన హైదరాబాదీ మర్యాద. కానీ ఆ టైముకి అక్కడ సగం ఆఫీసు ఉంటుంది. మేం సర్వీస్ లిఫ్ట్ వైపు నుంచి వెళ్ళి ఖాళీగా ఉన్న ట్రైనింగ్ గదిలో కూర్చున్నాం. తలుపు ఓరగా తెరిచే ఉంచాను. అతని వీపు తలుపు వైపు ఉండేలా కుర్చీ వేశాను. నేను ఎదురుగా కాకుండా పక్కకి కూర్చున్నాను, ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది. నీళ్ళ బాటిల్ మూత తీసి పెట్టాను. వణికే చేతులకి కొత్త బాటిల్ మూత రాదు.

నాకైతే అరగంట గడిచినట్టనిపించింది. గోడ గడియారం ప్రకారం ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో శ్రీను "సారీ అక్కా" అని నాలుగుసార్లు అన్నాడు. సారీ ఎందుకు, నీ తప్పేముంది అని వాదించబుద్ధవుతుంది. వాదిస్తే మళ్ళీ అతను జవాబు చెప్పాలి. "పర్లేదు, ఇక్కడే ఉన్నా" అన్నాను, అంతే. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే, అని నా కథ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది చెప్తే అతను నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

కాస్త తేరుకున్నాక "ఏం లేదక్కా, మంచిగనే ఉన్న" అన్నాడు. మీకందరికీ తెలుసు ఆ మాటకి అర్థమేంటో. అప్పుడడిగాను. "ఇంకో పది నిమిషాలు ఇక్కడే ఉంటావా, నేను బయట నిలబడనా, లేకపోతే సీటుకెళ్దామా?" నీకేం కావాలి అని అడిగితే అప్పుడు ఎవరూ చెప్పలేరు. రెండు మూడు దారులు చూపిస్తే తల ఊపడానికి వీలవుతుంది. ఒక్కడినే ఉంటానన్నాడు. బయట కారిడార్‌లో నిలబడ్డాను.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, దాన్ని లత విషయంలో నేను అడగలేదు. "ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు?" ఆ కథ ఆ మనిషిది, ఎంత చెప్పాలో ఆ మనిషే తేల్చుకోవాలి. శ్రీను కాసేపు ఆలోచించి, "అమ్మ యాదికొచ్చిందని చెప్పుండ్రి, దాచేదేముంది" అన్నాడు. ఇంకొకరు ఏమీ చెప్పొద్దనవచ్చు. అప్పుడు "బ్రేక్‌లో ఉన్నాడు" అంటే సరిపోతుంది. తలనొప్పి, జ్వరం అని కథలు అల్లకండి, రేపు ఆ అబద్ధాన్ని మోయాల్సింది అతనే.

ఇంటికి పంపాలా అన్నది కూడా అతన్నే అడగాలి. ఇంటికెళ్తే ఖాళీ ఇల్లు, గోడ మీద అమ్మ ఫోటో. కొందరికి సీటే నయం. శ్రీను వెళ్తానన్నాడు, బండి మీద. రాయదుర్గం నుంచి ఉప్పల్‌కి, ఆ వానలో, ఆ కళ్ళతో. బండి ఇక్కడే ఉంచి మెట్రోలో వెళ్ళమన్నాను, నేరుగా ఒకే లైను కదా. అదే దారిలో వెళ్ళే ఇంకో కుర్రాణ్ణి తోడు పంపాను. వాళ్ళిద్దరూ దారంతా క్రికెట్ గురించి మాట్లాడుకున్నారట. చాలు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటాం. మనలాంటి చోట్ల అసలు పని అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే మన సిస్టమ్‌లు ఏడుపుని వేరే పేర్లతో రాసిపెడతాయి. శ్రీను సీట్లో లేని నలభై నిమిషాలు అదనపు బ్రేక్ కింద పడ్డాయి. నెల చివర ఆ లెక్కతో ఇన్సెంటివ్ పోతుంది. దాన్ని ఆ సాయంత్రమే మార్పించాను. కాల్ మ్యూట్‌లో ఉండిపోయింది కాబట్టి క్వాలిటీ వాళ్ళ లెక్కలో అది ఫెయిల్. ఇంకా ఘోరం, మ్యూట్ నొక్కేముందు అతని గొంతు వణకడం రికార్డులో ఉంది. క్వాలిటీ టీము వారానికోసారి కొన్ని కాల్స్ వినిపిస్తూ పదిమందిలో చర్చ పెడుతుంది. ఆ కాల్ అక్కడ వినిపిస్తే? క్వాలిటీ లీడ్‌కి ఫోన్ చేసి ఆ నంబరు పక్కన పెట్టించాను. కారణం చెప్పమంటే "నాకు తెలుసు, నా పూచీ" అన్నాను. మీ ఆఫీసులో ఇలాంటి రికార్డు ఏ రూపంలో ఉంటుందో మీకే తెలుస్తుంది. వీడియో మీటింగ్ రికార్డింగ్ కావచ్చు, చాట్ కావచ్చు. వెళ్ళి చూడండి.

ఆ రాత్రి ఒక మెసేజ్ పెట్టాను. "ఆ క్లెయిము టైముకి అయిపోయింది. రేపు నీ సీటు నీదే. డిశ్చార్జ్ క్యూ చేస్తావా, నాలుగు రోజులు రీయింబర్స్‌మెంట్ చేస్తావా, నీ ఇష్టం, పొద్దున చెప్పు." జాగ్రత్త, ధైర్యంగా ఉండు అని ఏమీ రాయలేదు. మర్నాడు వచ్చి, డిశ్చార్జే చేస్తాను గానీ ఒక వారం ఫోన్లు వద్దన్నాడు. కాల్స్ ఫర్హానా తీసుకుంది, తన ఫైళ్ళు అతను తీసుకున్నాడు. ఎనిమిదో రోజు తనే హెడ్‌సెట్ పెట్టుకున్నాడు.

టీము గురించి ఒక్క మాట. మర్నాడు పదిమంది వచ్చి "ఇప్పుడెలా ఉంది" అని తల ఒక పక్కకి వంచి అడగడం కంటే పెద్ద శిక్ష లేదు. ఒకరడిగితే చాలు. మిగతావాళ్ళు రోజూ ఏం మాట్లాడతారో అదే మాట్లాడాలి. టిఫిన్ బాక్సులో ఏముందని అడగాలి.

కొన్నిసార్లు ఇదంతా సరిపోదు. తెలుసుకోవడం ఎలా? ఒకటి, రోజులు గడిచినా తగ్గదు. రెండు వారాలు దాటి రోజూ అలాగే ఉంటే, నిద్ర, తిండి పాడైతే, మునుపు ఇష్టంగా చేసినవాటి మీద మనసు పోకపోతే, డాక్టరు చూడాల్సిన విషయం. రోగం పేరు మీరు పెట్టకండి. "రెండు వారాలుగా చూస్తున్నాను, నువ్వు మధ్యాహ్నం తినడం లేదు" అని చూసింది చెప్పండి. రెండు, "నేను లేకపోతేనే అందరికీ నయం" లాంటి మాట వస్తే దాన్ని తేలిగ్గా వదలకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతాం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్ళు వచ్చేదాకా పక్కనే ఉండండి. టెలీ మానస్ అని ప్రభుత్వ లైను ఉంది, 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులుండవు. ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

(కాసేపు విరామం)

మూడోది, ఏడుపుకి కారణం ఆఫీసులోనే ఒక మనిషి అయితే. ఒకమ్మాయి, "మేడమ్, ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అని మొదలుపెడుతుంది. మాటివ్వకండి. "అవసరమైనవాళ్ళకి తప్ప చెప్పను" అనండి. లైంగిక వేధింపు అయితే, 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. ఈ గడువు సంగతి తనకు చెప్పడం మీ పని. ఆ మనిషిని పిలిచి మీరే విచారించడం, ఇద్దరికీ రాజీ కుదర్చడం మీ పని కాదు. ఎంత మంచి ఉద్దేశంతో చేసినా తర్వాత జరిగే విచారణను పాడుచేస్తారు.

ఇప్పుడు మీరడగండి.

(ఒక టీమ్ లీడర్: "మేడమ్, తప్పు చూపిస్తుంటేనే ఏడిస్తే? కొందరు తప్పించుకోవడానికి ఏడుస్తారు కదా.")

అనుమానం నాకూ వచ్చేది. లోపల ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు, కాబట్టి ఆ లెక్క వదిలేయండి. మీరు చెప్పే విషయం నిజమైతే దాన్ని వెనక్కి తీసుకోకండి. ఏడుపు చూసి కంగారుపడి "అబ్బే, నీ పని బాగానే ఉంది" అంటారు. మూడు నెలల తర్వాత రేటింగ్ తక్కువొస్తే ఆ మనిషి మోసపోయినట్టు కాదా? "ఇది మాట్లాడుకోవాల్సిందే. ఇప్పుడే వద్దు. రేపు పదకొండింటికా, మధ్యాహ్నమా?" అని అడగండి. చెప్పిన టైముకి తప్పకుండా కూర్చోండి. నిజంగా బాధపడ్డ మనిషికి ఊపిరి దొరుకుతుంది. తప్పించుకోవాలనుకున్న మనిషికి తప్పించుకోవడం కుదరదు. రెండింటికీ ఒకే మందు. అన్నట్టు, లత వెళ్ళిన తర్వాత హడిల్‌లో పేర్లు చదవడం మానేశాను. తప్పులు చదువుతాం, పేర్లు ఎవరివి వాళ్ళకే వెళ్తాయి.

(ఇంకొకరు: "నేను మగవాణ్ణి, ఏడ్చేది అమ్మాయి అయితే? గదిలోకి తీసుకెళ్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారని భయం.")

న్యాయమైన భయమే. తలుపు ఓరగా పెట్టండి. భుజం మీద చెయ్యి వెయ్యకండి, ఎంత తమ్ముడిలా, నాన్నలా వేసినా సరే. "ఎవరినైనా పిలవమంటావా?" అని అడిగి, ఆమె చెప్పిన మనిషిని పిలవండి. మీరే ఒకావిడని ఎంచి తీసుకొస్తే ఆమెకు ఆవిడంటే పడకపోవచ్చు. అంతేగానీ, భయపడి పట్టించుకోకుండా తప్పుకోకండి. మగవాడు ఏడ్చినా ఇంతే. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని సామెత ఒకటుంది మనకి. శ్రీను ఆ నాలుగుసార్ల సారీ దానికే చెప్పాడనుకుంటా.

(వెనక నుంచి ఒకామె: "మేడమ్, మీరెప్పుడైనా ఆఫీసులో ఏడ్చారా?")

ఏడవకుండా ఎవరుంటారమ్మా. (నవ్వులు) ఒకసారి పెద్ద ఆడిట్ రోజున, మూడో అంతస్తు వాష్‌రూమ్‌లో. కారణం ఇప్పుడు చెప్తే నవ్వుతారు. తలుపేసుకుని, కుళాయి తిప్పి పెట్టి, శబ్దం రాకుండా ఏడుస్తున్నాను. బయట ఎవరివో అడుగులు వినపడుతున్నాయి, ఎవరో ఒకరు లోపలికి వచ్చేస్తారని గుండె కొట్టుకుంటోంది. ఎంతకీ ఎవరూ రాలేదు. పది, పదిహేను నిమిషాలైంది. ముఖం కడుక్కుని తలుపు తీశాను. బయట హౌస్‌కీపింగ్ ఆమె బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. పక్కన "శుభ్రం చేస్తున్నారు" అనే పసుపు బోర్డు నిలబెట్టి ఉంది. నేల పొడిగానే ఉంది. నా ముఖం వైపు చూడలేదు. మాప్ కర్ర వైపు చూస్తూ అడిగింది, "అమ్మా, బోర్డు తియ్యమంటారా, కాసేపు ఉంచమంటారా?"